రబ్బరు బ్యాండు దాటని పిండి

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. కోపంతో కాదు, గౌరవం ఎక్కువై. నేను ఆవిడకు రెండడుగుల దూరంలో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నా సరే, లోపలి గదిలో పడుకున్న కూతుర్ని కేకేసి, "అమ్మాయ్, అల్లుడుగారు ఇంకో దోసె వేసుకుంటారేమో కనుక్కో" అంటారు. మా ఆవిడ గదిలోంచి, "ఏవండీ, ఇంకో దోసె కావాలా?" అని అరుస్తుంది. నేను "చాలు" అని అరుస్తాను. "చాలటమ్మా" అని మా ఆవిడ మళ్ళీ అరుస్తుంది. ఈలోపు దోసె నా కంచంలో పడిపోయి ఉంటుంది.

వాళ్ళది కోస్తా. అల్లుడంటే వాళ్ళింట్లో సగం దేవుడు. మాది రాయలసీమ. మా ఇంట్లో తిట్టారంటే మనవాళ్ళు అనుకున్నట్టు, తిట్టలేదంటే చుట్టం అనుకున్నట్టు. మా అవ్వ తన అల్లుణ్ణి పదిమందిలో, "ఏమప్పా, తిన్న తట్ట తియ్యడానికి నీకు చేతుల్లేవా?" అని కడిగేసేది. ఆయన నవ్వుకుంటూ కంచం తీసేవాడు. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు ఈ సగం దేవుడి ఉద్యోగం ఎంత ఇబ్బందిగా ఉండేదో చెప్పలేను. పెళ్ళయి నాలుగేళ్ళయినా అత్తగారి దృష్టిలో నేను ఆ పూట భోజనానికి వచ్చిన చుట్టాన్నే.

మా ఆవిడకు మూడో నెల వచ్చిందని తెలిసి అత్తగారు నిజాంపేటలోని మా ఫ్లాటుకు వచ్చారు. వచ్చింది కూతురికి కడుపునిండా పెడదామని. కానీ కూతురు ఏదీ తినే స్థితిలో లేదు. వేవిళ్ళంటే పొద్దున పూట కాస్త వికారం అనుకునేవాణ్ణి. మా ఆవిడకు అవి పొద్దున మొదలై మళ్ళీ పొద్దుటిదాకా ఉండేవి. పోపు వాసన పడదు. అన్నం ఉడికే వాసన పడదు. వంటింటి వైపు రావడమే మానేసి, బెడ్‌రూమ్ తలుపు వేసుకుని, అక్కడే మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకునేది. అత్తగారు పప్పుచారు పెట్టారు, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేశారు, నిమ్మకాయ పులిహోర కలిపారు. అన్నీ ఎలా వెళ్ళాయో అలాగే తిరిగొచ్చేవి. ఆవిడ ఆ గిన్నెలు సింకులో వంచుతూ ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకునేవారు. డాక్టరమ్మ, "ఏది పడితే అదే తిననివ్వండి, తినడం ముఖ్యం" అన్నారు.

పడింది ఒక్కటే. గచ్చిబౌలిలో మా ఆఫీసు పక్క వీధి కేఫ్‌లో అమ్మే పుల్లటి బ్రెడ్. సోర్‌డో అంటారు. ఈస్టు వేయకుండా, పిండినే రోజుల తరబడి పులియబెట్టి, ఆ పులుపుతోనే పొంగించి కాలుస్తారు. దాన్ని ఎర్రగా టోస్ట్ చేసి కాస్త వెన్న రాసిస్తే మా ఆవిడ రెండు ముక్కలు తినేది, అవి లోపలే ఉండేవి. రోజూ ఆఫీసు నుంచి వస్తూ తెచ్చేవాణ్ణి. ఒక సాయంత్రం వెళ్తే షట్టర్ దించి, అద్దెకివ్వబడును అని బోర్డు వేలాడుతోంది. ఆ రోడ్డు మీదే నిలబడి కేఫ్ వాళ్ళను మా అవ్వ భాషలో తిట్టుకున్నాను. మిగతా షాపుల బ్రెడ్లు తెచ్చి చూశాను. ఒకటి తియ్యగా ఉందంది, ఇంకోటి వెనిగర్ వాసనంది, మూడోది చూడగానే బాత్రూమ్ వైపు పరిగెత్తింది.

"నేనే చేస్తా" అన్నాను.

మా ఆవిడ దిండు మీంచి తలెత్తి చూసింది. ముఖం పీక్కుపోయి, కళ్ళు మాత్రం పెద్దవిగా కనబడుతున్నాయి. "నిజంగా చేస్తారా?" అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. అదే నన్ను భయపెట్టింది. మామూలుగా అయితే నేను టీ పెడతానన్నా నవ్వే మనిషి.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. ఎక్కడైనా సాఫ్ట్‌వేర్ ఆగిపోతే అది ఎందుకాగిందో కనిపెట్టి, మళ్ళీ ఆగకుండా చూడడం నా పని. బ్యాంకుల సర్వర్లనే లేపి నిలబెట్టినవాణ్ణి, పిండి ఒక లెక్కా అనుకున్నాను. నెట్‌లో చూస్తే అంతా తేలిగ్గానే ఉంది. పిండి, నీళ్ళు సమానంగా కలిపి సీసాలో పెట్టాలి. పిండిలో ఉండే సూక్ష్మజీవులే అందులో పెరుగుతాయి. రోజూ కొంత తీసి పారేసి, మిగిలినదానికి కొత్త పిండీ నీళ్ళూ పెట్టాలి. దీన్నే తిండి పెట్టడం అంటారు. కొన్నాళ్ళకు తిండి పెట్టిన కొద్ది గంటల్లోనే అది రెండింతలు పొంగడం మొదలుపెడుతుంది. అలా పొంగే ముద్దనే స్టార్టర్ అంటారు. అది పొంగితేనే బ్రెడ్, లేదంటే ఇటుక.

సూపర్ మార్కెట్ మైదా ప్యాకెట్ తెచ్చి, ఊరగాయ సీసా ఒకటి కడిగి, కలిపి, నేను ఇంటి నుంచి పనిచేసే చిన్న గదిలో టేబుల్ మీద పెట్టుకున్నాను. ఎంత పొంగిందో తెలియడానికి పిండి మట్టం దగ్గర సీసాకు ఒక ఎర్ర రబ్బరు బ్యాండు వేశాను. ఏప్రిల్ ఎండలు. ఆ గదిలో ఏసీ నేనున్నంతసేపూ ఆగదు. మూడో రోజు బుడగలొచ్చి, పిండి కాస్త లేచింది. ఏదో కుళ్ళు వాసన కూడా వచ్చింది. సంబరపడి మా ఆవిడకు సీసా చూపించబోతే ముక్కు మూసుకుని దుప్పటి కప్పుకుంది. మర్నాటి నుంచి అది చచ్చినట్టు పడుకుంది. రెండు రోజులు చూసి, ఓపిక చచ్చి, సింకులో పారబోశాను. మళ్ళీ కలిపాను. మళ్ళీ అదే కథ. మళ్ళీ పారబోశాను.

ఆఫీసులో నా పక్క సీటావిడ లాక్‌డౌన్ నాటి నుంచి ఇంట్లో ఇదే బ్రెడ్ చేసుకుంటోంది. వరంగల్ మనిషి. నా గోడు విని ఆవిడ కుర్చీ నా వైపు తిప్పింది.

"మైదా పోసినవా? అదే పెద్ద తప్పు అన్నా. మైదాల ఏముంటది, అంత జల్లెడపట్టి తెల్లగ జేసినంక? గిర్నిల పట్టిచ్చిన గోధుమపిండి పొయ్యి. పొట్టుతోటి ఉండాలె. పురుగులన్నీ ఆ పొట్టులనే ఉంటయి."

"పురుగులా?"

"మంచి పురుగులే, పరేషాన్ గాకు. ఇంగ ఏసీ గదిల పెట్టినవంటే అది పండుకుంటది. మనకు చల్లగుంటే దానికీ చల్లగుంటది గద. ఇంగోటి, మూడు దినాలకు పొంగి సప్పబడితె సచ్చిపోయినట్టు గాదు. ముందుగాల వేరే పురుగులొస్తయి, అవి పోయినంక అసలువి వస్తయి. నడిమిట్ల అంత సప్పుడు జెయ్యకుంట ఉంటది. అప్పుడే అందరు పారబోస్తరు."

నేను రెండుసార్లు పారబోసిన సంగతి చెప్పలేదు. ఆవిడ, "నా దాంట్లకెళ్లి జరంత ఇస్త, తీస్కపో" అంది. తీసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నేను నా చేత్తో చేస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. అయినా సర్వర్ పడిపోతే పక్కవాడి సర్వర్ అరువు తెచ్చుకునే రకం కాదు నేను. "వద్దులే, వస్తుంది" అన్నాను బింకంగా.

మా వీధి చివర పిండిమర దగ్గర గోధుమలు పట్టించాను. ఆ పిండి నీళ్ళు బాగా లాగుతుందని, పల్చగా కలిపితే గాలి నిలవదని తెలుసుకుని, ఈసారి గట్టిగా, చెంచా నిలబడేట్టు కలిపాను. ఏసీ గది మానేసి, సీసాను వంటింటి గట్టు మీద, డబ్బాల పక్కన పెట్టాను. పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందు సగం తీసేసి, మిగిలినదానికి తిండి పెట్టి, మట్టం దగ్గర ఎర్ర బ్యాండు సర్ది, మూత వదులుగా పెట్టి వెళ్ళేవాణ్ణి. వంటింట్లో మరో మనిషి ఉన్నారన్న సంగతి నా లెక్కలో లేదు. ఎలా ఉంటుంది? నేను వంటింట్లోకి అడుగుపెడితే ఆవిడ బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు.

మధ్యలో వచ్చే మౌనాన్ని ఈసారి ఓర్చుకున్నాను. వారం దాటింది. సాయంత్రం ఆఫీసు బస్సు దిగి, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తేవాణ్ణి. పిండి సరిగ్గా ఎర్ర బ్యాండు దగ్గర ఉండేది. వెంట్రుకవాసి పైకి లేదు, కిందికి లేదు. సీసా గోడలు అద్దంలా మెరిసేవి. పొంగి కిందికి దిగితే గోడల మీద మరక ఉండాలి కదా, మరక కూడా లేదు. దానికి తోడు ముట్టుకుంటే చల్లగా ఉండేది. బయట నలభై డిగ్రీల ఎండ, సీసా చల్లగా! గట్టు రాయి చలవ అనుకున్నాను. ఆ అనుకోవడంలో ఉన్న తెలివికి ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

శనివారం, ఆదివారం నేనింట్లో ఉంటాను కాబట్టి దాన్ని కళ్ళముందు పెట్టుకోవాలని నా గదిలోకి తీసుకుపోయేవాణ్ణి. పక్క సీటావిడ చెప్పిన ముక్క ఆ రెండు రోజులూ గుర్తుకొచ్చేది కాదు. ఏసీ నా కోసం, సీసా నా కళ్ళ కోసం. సాయంత్రానికి అది బొటనవేలంత కూడా లేచేది కాదు.

"దినాం ఎన్నిసార్లు తిండి పెడుతున్నవ్?" అంది పక్క సీటావిడ.

"ఒకసారి. పొద్దున."

"ఈ ఎండలల్ల ఒక్కసారి పెడితె ఎట్ల? వేడికి అది మూడు నాలుగ్గంటలల్ల తిని, పొంగి, దిగిపోతది. ఇగ తెల్లారేదాంక పస్తే. పస్తులుంచితె పుల్లగైతది, పల్చగైతది, తాకత్ పోతది. పొద్దుగాల, మాపటీలి రెండుపూటల పెట్టు. లేకుంటె పాతది కొంచెమే ఉంచి, కొత్త పిండి ఐదింతలు పెట్టు. తినుడు లేటైతది."

పొద్దునపూట చూస్తే నిజంగానే అది పల్చబడి, పైన గోధుమరంగు నీళ్ళు తేలి, ఘాటుగా వాసనేసేది. ఆకలి లక్షణమే అంది. బాగానే ఉంది. కానీ పొంగి దిగిపోతే మరకుండాలి కదా? "మరక లేదు" అన్నాను. "మరకెందుకుండదన్నా?" అంది. "లేదంటే లేదు" అన్నాను. ఇద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రెండు టీములు కలిసి, సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ ఫైళ్ళన్నీ వెతికినా తప్పు దొరకనప్పుడు మా ఆఫీసులో అందరూ పెట్టే ముఖమది.

ఇంట్లో పరిస్థితి బాగోలేదు. మా ఆవిడ బిస్కెట్లు, చెరుకురసం మీద బతుకుతోంది. బరువు తగ్గిందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పారు. రోజూ సాయంత్రం నేను వంటింట్లోంచి రాగానే, "పొంగిందా?" అని అడిగేది. నేను తల అడ్డంగా ఊపితే, "పోన్లెండి, రేపు" అనేది. ఆకలితో ఉన్న మనిషి నన్ను ఓదార్చడం నేను తట్టుకోలేకపోయాను. ఓ సాయంత్రం సీసా పట్టుకుని, "ఎందుకు లేవవే నువ్వు? ఏం తక్కువ చేశాను నీకు?" అని నిజంగానే తిట్టాను. వెనక బాల్కనీ తలుపు దగ్గర అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఏదో చెప్పబోయినట్టు అనిపించింది. నేను చూడగానే లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి గదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది. "అమ్మాయ్, అల్లుడుగారికి దిగులుగా ఉన్నట్టుంది, కాఫీ తాగుతారేమో అడుగు."

లాగ్ ఫైళ్ళలో దొరకనిదాన్ని కెమెరాతో పట్టుకోవాలనిపించింది. పాత ఫోన్ ఒకటి మూలపడి ఉంది. దాన్ని గట్టు అవతల పప్పుల డబ్బాల మధ్య, సీసా కనిపించేట్టు ఇరికించి, చార్జర్ తగిలించి, రోజంతా కొన్ని సెకన్లకో బొమ్మ తీసి చివర్లో వీడియోగా కలిపిపెట్టే పద్ధతిలో పెట్టి ఆఫీసుకు వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి పిండి యథాప్రకారం బ్యాండు దగ్గరే ఉంది. ఫోన్ తీసుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసి, మా ఆవిడ పక్కన కూర్చుని వీడియో పెట్టాను.

మొదట కాసేపు ఏమీ లేదు. తర్వాత పిండి కదిలింది. పిండి ఎర్ర బ్యాండు దాటింది. దాటి, పైకెక్కి, రెండింతలై, మెడదాకా వచ్చి, మూతను పైకెత్తింది. ఒక పక్క నుంచి పొంగి గట్టు మీదికి కారింది. "పొంగింది! చూడు, పొంగింది!" అని మంచం మీద గంతేశాను.

తెర మీద అత్తగారు ప్రవేశించారు. సీసాను చూసి బుగ్గ మీద చెయ్యేసుకున్నారు. అటూ ఇటూ చూశారు. గరిటె తెచ్చి పిండిని గిరగిరా కలిపి, ఎంత గాలి ఉందో అంతా దించేశారు. తడిగుడ్డతో సీసా లోపలి గోడలు, బయటి గోడలు, గట్టు అన్నీ తుడిచారు. తుడిచేటప్పుడు బ్యాండు ఊడిపోతే, దాన్ని సరిగ్గా కొత్త మట్టం దగ్గర, నేను పెట్టినట్టే అందంగా సర్దారు. తర్వాత సీసా తీసుకుని ఫ్రిజ్ వైపు వెళ్ళిపోయారు. మిగతా మధ్యాహ్నమంతా తెర మీద ఖాళీ గట్టు. నేను బస్సు దిగే వేళకు కాస్త ముందు ఆవిడ మళ్ళీ వచ్చి, సీసా యథాస్థానంలో పెట్టి, చెమ్మ తుడిచి, ఒకడుగు వెనక్కి వేసి సరిగ్గా ఉందో లేదో చూసుకుని వెళ్ళిపోయారు.

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ముందు దిండులోకి, తర్వాత గోడకేసి, తర్వాత కడుపు పట్టుకుని. నెలరోజులుగా ఆ గదిలో నవ్వు వినలేదు నేను. నాకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఆ నవ్వు చూసి అది ఎటుపోయిందో తెలియలేదు. "ఆ బ్యాండు చూశారా, ఆ బ్యాండు!" అంటూ వీడియో మళ్ళీ వెనక్కి తిప్పింది.

"చెప్పు మీ అమ్మకు" అన్నాను.

"నేనెందుకు చెప్తాను? నేను మధ్యలో లేను ఇందులో. మీ పిండి, మీ అత్తగారు."

"నేను చెప్తే బాధపడి రేపే బస్సెక్కుతారు."

"ఎక్కుతుంది" అంది మా ఆవిడ తాపీగా. అని మళ్ళీ నవ్వింది.

ఇంత పెద్ద ఉద్యోగం చేస్తూ, మీటింగుల్లో పై అధికారులకు వాళ్ళ తప్పులు మెత్తగా ఎలా చెప్పాలో నేర్చుకున్నవాణ్ణి. వంటింటి గుమ్మం దగ్గర ఆ విద్య పనికిరాలేదు. అత్తగారు నన్ను చూసి బాల్కనీ వైపు కదిలారు. దారికి అడ్డంగా నిలబడ్డాను. సీసా చేతిలో పట్టుకుని, "అత్తయ్యగారూ, ఇది పొంగాలండీ. పొంగితేనే మంచిది. మధ్యాహ్నం నేనుండను కాబట్టి, ఇకనుంచి దీన్ని మీరే చూసుకోవాలి" అన్నాను.

ఆవిడ ముఖంలో రంగు మారింది. తెలిసిపోయిందని అర్థమైంది. నావైపు చూడకుండా బెడ్‌రూమ్ తలుపు వైపు తిరిగారు.

"అమ్మాయ్, అల్లుడుగారికి చెప్పవే, నేను చెడగొట్టాలని చెయ్యలేదని. ఇడ్లీపిండి పొంగిపోతే కలిపి ఫ్రిజ్‌లో పెడతాం కదుటే, లేకపోతే పులిసి చస్తుంది. ఇదీ అంతే అనుకున్నాను. రోజూ పొంగి గట్టంతా కారిపోతోంది. పాపం ఆయన అంత శ్రద్ధగా కలుపుకుని వెళ్తున్నారు, వచ్చి ఇలా పొర్లిపోయిందని చూస్తే నలుగురిలో చిన్నబుచ్చుకుంటారని, కనబడకుండా సర్దిపెట్టాను. చెప్పవే."

గదిలోంచి, నవ్వు ఆపుకోలేక దిండు నోట్లో కుక్కుకున్న చప్పుడు వినిపించింది.

నేను ఎదురుచూసిన అద్భుతం రోజూ మధ్యాహ్నం జరుగుతూనే ఉంది. ఆవిడ దాన్ని నా తప్పనుకుని, నా పరువు కోసం రోజూ కడిగేస్తూ వచ్చారు. ఇంత ప్రేమగా నన్ను ఎవరూ నాశనం చేయలేదు.

"చెప్పక్కర్లేదు లెండి, విన్నాను" అన్నాను. "మీ వల్ల ఏమీ చెడలేదు. ఇది బతికే ఉందని మీ వల్లే తెలిసింది." నాకు నవ్వొచ్చేసింది. ఆవిడ కొంగులో ముఖం దాచుకున్నారు, భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని కంగారుపడ్డాను. నవ్వుతున్నారు.

మర్నాటి నుంచి సీసా మారింది, అంతకు రెండింతలది తెచ్చాం. పాతది ఒక చెంచా మాత్రమే ఉంచి, కొత్త పిండి ఐదు చెంచాలు, గట్టిగా కలవడానికి సరిపడా నీళ్ళు వేశాను. పొద్దున నేను, సాయంత్రం అత్తగారు, రెండుపూటలా తిండి. వంటిల్లు మరీ వేడిగా ఉందని నేను గొణుక్కుంటే, ఆవిడ ఏమీ అనకుండా బేసిన్‌లో నీళ్ళు పోసి సీసాను అందులో నిలబెట్టారు. నేను థర్మామీటర్ పెట్టి చూసి తలూపాను. మధ్యాహ్నాలు నాకు ఆఫీసులో వార్తలొచ్చేవి. మా ఆవిడ వాట్సాప్‌లో, "అమ్మ చెప్పమంటోంది, బ్యాండు దాటిందట", కాసేపటికి "రెండింతలైందట", తర్వాత "కలపబుద్ధవుతోందట, ఆపుకుంటోందట". ఆ చివరిది చదివి మీటింగులో నవ్వాను. పక్క సీటావిడ నా ఫోన్‌లోకి తొంగిచూసి, "ఇగ అయింది తియ్, బ్రెడ్ చెయ్" అంది. వరసగా కొన్నాళ్ళు ఒకే వేళకు ఒకేలా పొంగింది. నమ్మకమొచ్చింది.

శనివారం సాయంత్రం పిండి కలిపాం. ఆదివారం పొద్దున, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న ముద్దను ఓవెన్‌లో పెట్టి, కింద ట్రేలో వేడినీళ్ళు పోశాను. ఆవిరి ఉంటే పైన తొక్క తొందరగా బిగుసుకోదట, లోపలిది లేవడానికి వీలుంటుందట. ఓవెన్ ముందు నేలమీద ఒక పక్క నేను, ఒక పక్క అత్తగారు కూర్చున్నాం. ముద్ద పైన నేను పెట్టిన గాటు మెల్లగా విచ్చుకుంది. ఇద్దరం ఒకేసారి ముందుకు వంగాం. తలలు తగలబోయాయి, ఆవిడ వెనక్కి జరిగి పమిట సర్దుకున్నారు.

బ్రెడ్ వంకరగా వచ్చింది. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. చల్లారేదాకా కోయకూడదని, ఈలోపు గట్టు మీద మరో బ్రెడ్‌కు పిండి కలిపి, తర్వాత ముక్క కోసి, టోస్ట్ చేసి, వెన్న రాసి, బెడ్‌రూమ్‌లోకి తీసుకెళ్ళాను. అత్తగారు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు.

మా ఆవిడ ముందు వాసన చూసింది. నేను బాత్రూమ్ తలుపు తెరిచి ఉందో లేదో చూసుకున్నాను. కొరికింది. నమిలింది. మింగింది. ఆమె ముక్కంతా తిని, వేళ్ళకంటిన వెన్న నాకి, "ఇంకోటి" అంది.

ఇంకోటి తేవడానికి వంటింట్లోకి పరిగెత్తాను. ఆ హడావిడిలో గట్టు మీది పచ్చిపిండిలో చెయ్యి పెట్టి, అదే చేత్తో ఫ్రిజ్ తెరిచాను, వెన్న తీశాను, కత్తి సింకులో పడేశాను, అదే పిండిలో మోచెయ్యి కూడా పెట్టాను. ఆ రెండోదీ మా ఆవిడ తినేసింది. కడుపులో నిలిచింది. మూడోది నేను తిందామని టేబుల్ దగ్గర కూర్చోబోతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏవిటిది బాబూ, ఆ ఫ్రిజ్ తలుపు నిండా పిండేనా? ఎండిపోయాక దాన్ని ఎవరు గీకుతారు? గట్టు చూడండి ఎలా తగలేశారో! ముందు అది తుడిచి, తర్వాత కూర్చుని తినండి!"

అత్తగారు తన నోటి మీద చెయ్యేసుకుని, నావైపు భయంగా చూస్తున్నారు. లోపల మా ఆవిడ మంచం దిగిన చప్పుడైంది.

చేతిలో ముక్క టేబుల్ మీద పెట్టేశాను. గుడ్డ తీసుకున్నాను.

"అట్లే అత్తా" అన్నాను, మా ఊరి యాసలో.

గట్టు తుడవడం మొదలుపెట్టాను. ఆవిడ ఈసారి కూతుర్ని కేకేయలేదు. ముక్కు మీద వేలేసుకుని, "ఆ మూల కూడా" అన్నారు.